మాటతో బిల్లు కట్టే ముందు, తలుపుకు ఎన్ని గడియలున్నాయో చూసుకోండి

కిరాణా కొట్టులో గల్లా పెట్టె పక్కన కూర్చుని "నూట యాభై రూపాయలు అందాయి" అని కేకేసే డబ్బా గురించి కాదు ఈ వ్యాసం. దాన్నీ చాలామంది స్పీకర్ అనే అంటారు. అది వచ్చిన డబ్బును చాటడమే తప్ప ఒక్క రూపాయిని కూడా కదిలించలేదు. ఇక్కడ చెప్పబోయేది ఇంట్లో అలమారా మీద పెట్టుకుని, పేరు పెట్టి పిలిస్తే పలికే స్మార్ట్ స్పీకర్ గురించి. అది పాట పాడుతుంది, వాతావరణం చెబుతుంది, మనం ఒప్పుకుంటే డబ్బు కూడా కడుతుంది. ఆ చివరి పని ఎలా జరుగుతుందో, జరిగే ముందు మనల్ని ఎక్కడెక్కడ ఆపి అడుగుతుందో ఒక్క ఉదాహరణతో చివరిదాకా చూద్దాం.

ఉదాహరణకు మా అమ్మ ఇంటినే తీసుకుంటాను. రాజమహేంద్రవరంలో ఉంటుంది. కళ్లజోడు వెతుక్కుని, ఫోను తెరిచి, చిన్న అక్షరాలు చదివి కరెంటు బిల్లు కట్టడం ఆవిడకు విసుగు. ఇంట్లో అమెజాన్ ఎకో స్పీకర్ ఉంది, అందులో పలికే గొంతు పేరు అలెక్సా. అమెజాన్ పే వాలెట్‌లోని డబ్బుతో అలెక్సాకు చెప్పి బిల్లులు కట్టే సదుపాయం మన దేశంలో 2020లో మొదలైంది. ఈ నెల బిల్లు ₹1,236 అనుకుందాం.

స్పీకర్‌కు మీరెవరో తెలియదు

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. ఫోను మనిషిది, స్పీకర్ గదిది. ఫోనుకు తాళం ఉంటుంది. వేలిముద్రో ముఖమో చూపించి లోపలికి వెళతాం. స్పీకర్‌కు ఆ గుమ్మం లేదు. గదిలో ఎవరు పిలిచినా పలుకుతుంది. మొదటిసారి అమర్చినప్పుడు దాన్ని ఎవరి ఖాతాతో ముడిపెట్టామో, గదిలో మాట్లాడే ప్రతివారూ దాని లెక్కలో ఆ ఖాతాదారే. అత్తగారైనా అంతే, ట్యూషన్‌కు వచ్చిన పిల్లవాడైనా అంతే, ఆఖరికి టీవీలో వార్తలు చదివే మనిషైనా అంతే.

లోపల జరిగేది ఇది. స్పీకర్ మైకు ఎప్పుడూ వింటూనే ఉంటుంది, కానీ ఒక్క పిలుపు మాట కోసమే వింటుంది. "అలెక్సా" అన్న శబ్దం పోలిక కుదరగానే పైన నీలి కాంతి వెలుగుతుంది, అప్పటి నుంచి మాట్లాడినది అమెజాన్ సర్వర్లకు చేరుతుంది. అక్కడ ఆ ధ్వని అక్షరాలుగా మారుతుంది, అక్షరాల్లోంచి ఉద్దేశం తేలుతుంది: ఇది బిల్లు కట్టే కోరిక, బిల్లు కరెంటుది, అడిగింది ఫలానా ఖాతా స్పీకర్. స్పీకర్ పని అక్కడితో సరి. అది చెల్లించదు, కబురు మోస్తుంది. చెల్లించేది సర్వర్ వెనక ఉన్న జేబు. కాబట్టి ఎంత భద్రత ఉందో తెలియాలంటే ముందు అడగాల్సింది, ఆ జేబు ఏది అని.

మూడు జేబులు, మూడు రకాల కాపలా

మొదటిది కార్డు. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే దాని వివరాలతో పాటు మరో ధ్రువీకరణ తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009లోనే నిబంధన పెట్టింది. మన ఫోనుకు వచ్చే ఓటీపీ అలా పుట్టిందే. తెర లేని స్పీకర్‌లో ఓటీపీ కొట్టే చోటు లేదు. అందుకే మన దగ్గర కార్డుతో, గొంతు ఒక్కదాన్నే నమ్ముకుని కొనుగోలు పూర్తి కావడం కష్టం. అమెరికాలో అలాంటి తప్పనిసరి నిబంధన లేదు. అక్కడ ఖాతాలో ముందే దాచిన కార్డు, ముందే రాసిన చిరునామా ఉంటే స్పీకర్‌తో చెప్పిన ఆర్డరు నేరుగా వెళ్లిపోగలదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ తేడాను గమనించాలి. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఓటీపీ అడ్డుకున్న పనిని అక్కడ మీ సెట్టింగ్ ఒక్కటే అడ్డుకోవాలి.

రెండోది యూపీఐ. యూపీఐ పిన్ మీ ఫోనులో, మీ సిమ్ముతో ముడిపడిన యాప్‌లో, దానికంటూ ఉన్న ప్రత్యేక తెర మీద కొట్టాల్సిన సంఖ్య. నోటితో చెప్పాల్సినది కాదు. మాటతో యూపీఐ చెల్లింపులు జరిపే "హలో యూపీఐ"ని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. అక్కడ మాట ఉపయోగపడేది ఎవరికి, ఎంత అని చెప్పడానికే. ఏ స్పీకరైనా, ఏ యాపైనా యూపీఐ పిన్‌ను బిగ్గరగా చెప్పమంటే, అక్కడే ఆపేయండి. సరైన పద్ధతిలో అలా అడగడం అన్నది లేదు.

మూడోది వాలెట్. మన కథ నడిచేది దీనితోనే. వాలెట్ విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధన కాస్త వేరు. ప్రతి చెల్లింపుకూ వినియోగదారుడి స్పష్టమైన సమ్మతి ఉండాలని 2021 నాటి ప్రధాన ఆదేశాలు చెప్పాయి. కార్డుకు అడిగినట్టు ప్రతిసారీ ఓటీపీ కావాలని కాదు. స్పీకర్‌తో చెల్లింపు సాధ్యమైనది ఈ సందులోంచే. వాలెట్‌లో డబ్బు వేసేటప్పుడు మీరు ఫోనులో ఓటీపీయో యూపీఐ పిన్నో కొట్టి ఉంటారు. అంటే గట్టి తనిఖీ అక్కడ, ఆ రోజు జరిగిపోయింది. స్పీకర్ ముందు జరిగేది తేలిక తనిఖీ.

నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఇదే, దీన్ని ఎవరూ రక్షణ అని పిలవరు: వాలెట్‌లో ఎంత ఉందో అంతకు మించి పోదు. పూర్తి కేవైసీ చేసిన వాలెట్‌లో ₹2,00,000 దాకా ఉంచుకోవచ్చు. ఉంచుకోవచ్చు కదా అని ఉంచకండి. అమ్మ వాలెట్‌లో నెల మొదట్లో ₹2,000 వేస్తాను. కరెంటు, ఫోను రీచార్జి అందులో సరిపోతాయి. ఏ గడియా పనిచేయని చెత్త రోజున కూడా నష్టం ఆ రెండు వేలే.

ఈ గోడను మనమే కూల్చుకునే దారి ఒకటుంది. నిల్వ ఒక స్థాయికి తగ్గగానే బ్యాంకు నుంచి దానంతట అదే నింపుకునే ఆటో రీలోడ్ ఏర్పాటు. సౌకర్యంగానే ఉంటుంది. అలా తరచూ జరిగే చెల్లింపులకు ఒకసారి అనుమతి ఇచ్చేశాక, ₹15,000 లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అడగనక్కరలేదని నిబంధన. అంటే స్పీకర్ వెనక ఉన్న చిన్న జేబుకు బ్యాంకు ఖాతా నుంచి ఒక గొట్టం కలిపినట్టు. మాటతో చెల్లించే ఇంట్లో ఇది ఆపి ఉంచాలి.

అమర్చుకునే క్రమం

ఫోనులో అలెక్సా యాప్ తెరవండి. ఇంటి స్పీకర్ ఏ ఖాతాతో నడుస్తోందో, యాప్‌లో ఉన్నది అదే ఖాతానో కాదో ముందుగా చూసుకోండి. చాలా ఇళ్లలో కొడుకు ఖాతాతో స్పీకర్ పెట్టి, అమ్మ ఫోనులో అమ్మ ఖాతా ఉంచుతారు. అప్పుడు చెల్లింపు ఒకరి జేబులోంచి పోతుంది, సందేశం వాళ్ల ఫోనుకే వస్తుంది, మాట చెప్పిన మనిషికి ఏమీ తెలియదు. మా ఇంట్లో మొదటి నెల జరిగింది అదే. అమ్మ కట్టింది, డబ్బు కట్ అయిన సందేశం మీటింగులో ఉన్న నాకు వచ్చింది, నేను కంగారుపడ్డాను.

తర్వాత ఈ దారిలో వెళ్లండి:

```
More > Settings > Account Settings > Voice Purchasing
```

యాప్ కొత్త వెర్షన్లలో మెనూలు అటూ ఇటూ జరుగుతుంటాయి. దొరకకపోతే సెట్టింగ్స్‌లో Voice Purchasing అన్న పేరును వెతకండి. అక్కడ మాటతో కొనుగోలును పూర్తిగా ఆపేసే మీట ఉంటుంది. స్పీకర్‌ను పాటలకే వాడుకునే ఇల్లయితే దాన్ని ఆపేయండి, మీ పని అయిపోయింది. వాడుకునేవారు అదే తెరలో కొనుగోలు నిర్ధారణ భాగానికి వెళ్లి నాలుగు అంకెల వాయిస్ కోడ్ పెట్టుకోవాలి. ఇది డబ్బు కదిలే ముందు స్పీకర్ అడిగే సంఖ్య.

ఈ నాలుగు అంకెలూ మీ ఏటీఎం పిన్ కాకూడదు, ఫోను తాళం కాకూడదు, యూపీఐ పిన్ అసలే కాకూడదు. కారణం తేలిక. ఇది పైకి చెప్పే సంఖ్య. చెప్పిన ప్రతిసారీ గదిలో ఉన్నవాళ్లు వింటారు. వాడిన కొద్దీ అరిగిపోయే రహస్యం అన్నమాట. మా అక్క కొడుకు, ఎనిమిదేళ్లవాడు, రెండోసారి వినగానే పాటలా పాడుకుంటూ ఇల్లంతా తిరిగాడు. ఆ సాయంత్రమే మార్చాం. అప్పటి నుంచి పిల్లలు సెలవులకు వచ్చి వెళ్లాక కోడ్ మార్చడం మా ఇంటి ఆనవాయితీ.

ఇంకో చిన్న ఇబ్బంది. ఎకోతో మన దేశంలో ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడాలి, తెలుగులో కాదు. అమ్మ అంకెలను ఇంగ్లీషులో చెప్పేటప్పుడు మధ్యలో ఆగితే, మాట ముగిసిందనుకుని స్పీకర్ వినడం ఆపేస్తుంది. అందుకే ఒక్క ఊపిరిలో, ఒక్కొక్క అంకెగా పలికేలా తేలికైన సంఖ్య ఎంచుకోండి. తేలిక అంటే 1234 అని కాదు. పుట్టిన సంవత్సరం కూడా వద్దు.

బిల్లు వివరాలు ఫోనులోనే చేర్చండి. అమెజాన్ యాప్‌లో కరెంటు బిల్లు భాగంలో మీ సంస్థను ఎంచుకుని, బిల్లు మీద ఉండే సర్వీసు నంబరు ఇచ్చి, తెర మీద మీ పేరు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి. వీలైతే మొదటి బిల్లు ఫోను ద్వారానే కట్టండి. నంబరులో ఒక్క అంకె తప్పితే పక్కింటివారి బిల్లు కట్టేస్తారు. ఆ పొరపాటును స్పీకర్ చదివే ఒక్క వాక్యంలో పట్టుకోవడం కంటే, తెర మీద పేరు చూసి పట్టుకోవడం ఎంతో సులువు.

ఆ అర నిమిషంలో జరిగేది

అన్నీ సిద్ధమయ్యాక అమ్మ చెప్పే మాట ఇంతే:

```
Alexa, pay my electricity bill
```

స్పీకర్ వెంటనే డబ్బు పంపదు. ముందు బిల్లును తెప్పిస్తుంది. బిల్లు చెల్లింపులకు ఎన్‌పీసీఐ అనుబంధ సంస్థ నడిపే భారత్ కనెక్ట్ అనే దారి ఉంది. ఇంతకుముందు దాని పేరు భారత్ బిల్ పే. సర్వీసు నంబరు చూపి అడిగితే కరెంటు సంస్థ ఎంత బాకీ ఉందో చెబుతుంది. ఇందులో మనకో మేలుంది. మొత్తాన్ని మనం పలకడం లేదు, అవతలి నుంచి వస్తోంది. ఇంగ్లీషులో ఫిఫ్టీన్ అన్నది ఫిఫ్టీగా వినబడిందన్న గొడవ ఇక్కడ ఉండదు. రీచార్జిలో మాత్రం ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఏ ప్లాన్ కావాలో చెప్పేది మనమే. అందుకే రీచార్జి చేసేటప్పుడు స్పీకర్ తిరిగి చదివే మొత్తాన్ని చెవులు రిక్కించి వినాలి.

తర్వాత స్పీకర్ బిల్లు మొత్తాన్ని చదివి, కట్టమంటారా అని అడుగుతుంది. ఇది మొదటి గడియ. రిజర్వు బ్యాంకు అడిగే స్పష్టమైన సమ్మతి ఈ ప్రశ్నకు మీరిచ్చే జవాబే. అమ్మ అవునంటుంది. కోడ్ పెట్టుకుని ఉంటే అప్పుడు దాన్ని అడుగుతుంది. ఇది రెండో గడియ. సంఖ్య సరిపోయాకే వాలెట్ లెక్కలోంచి ₹1,236 తగ్గుతాయి. నిల్వ అంత లేకపోతే చెల్లింపు జరగదు, మిగతా పని ఫోనులో చూసుకోవాల్సిందే.

మూడో గడియ చెల్లింపు జరిగాక పడుతుంది. ఖాతాదారు ఫోనుకు సందేశం వస్తుంది. డబ్బు కదిలాక వచ్చేది రక్షణ ఎలా అవుతుందని అడగవచ్చు. తెలియకుండా జరిగిన చెల్లింపు మీద ఎన్ని రోజుల్లో ఫిర్యాదు చేశారన్నదాన్ని బట్టే మీ నష్టం ఎంతో తేలుతుంది, ఆ రోజుల లెక్క ఈ సందేశం నుంచే మొదలవుతుంది. కాబట్టి అమెజాన్ యాప్ నోటిఫికేషన్లను మూసేయకండి.

ఏ గడియ ఎవరిని ఆపుతుంది

మొదటి గడియ, అంటే "కట్టమంటారా" అన్న ప్రశ్న, పొరపాటును ఆపుతుంది. దురుద్దేశాన్ని ఆపలేదు. ఇందుకు మంచి ఉదాహరణ 2017 జనవరిలో జరిగింది. మనవాళ్లు ఎందరో స్థిరపడిన డల్లాస్‌లో ఒక ఆరేళ్ల పాప ఎకోతో కబుర్లాడుతూ బొమ్మరిల్లు, దానితో పాటు రెండు కిలోలకు కాస్త తక్కువ బిస్కెట్లు తెప్పించేసింది. ఆ వార్తను శాన్ డియేగోలో ఒక టీవీ ఛానెల్ చెబుతూ, పాప అన్న మాటను వార్తలు చదివే వ్యక్తి మళ్లీ పలికాడు. టీవీ చూస్తున్న ఇళ్లలోని స్పీకర్లు తమనే పిలిచారనుకుని బొమ్మరిల్లు వెతకడం మొదలుపెట్టాయి. టీవీ ఒకసారి పిలవగలిగింది, స్పీకర్ తిరిగి అడిగే ప్రశ్నకు జవాబివ్వడం దాని వశం కాదు. ఈ గడియ ఉన్నది అటువంటి యాదృచ్ఛికాల కోసమే. పాప విషయం వేరు. అడిగితే ఆమె నవ్వుతూ అవునని ఉండేది.

దురుద్దేశం ఉన్నవారికి ఆ అవును ఎంత చులకనో 2022లో లండన్ రాయల్ హాలోవే, ఇటలీలోని కటానియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపించారు. ఎకో తన నోటితో తానే ఆదేశం పలికి, తానే విని, తానే పాటించేలా చేశారు. కొనుగోలు నిర్ధారణ అడిగితే? ఆదేశం తర్వాత సుమారు ఆరు సెకన్లకు అవును అన్న శబ్దం వినిపించారు, సరిపోయింది. ప్రశ్న ఎప్పుడు వస్తుందో, జవాబు ఏమిటో ముందే తెలిసినప్పుడు ఆ ప్రశ్న కాపలా కాదు. నాలుగు అంకెల కోడ్ ఇక్కడ నిలబడుతుంది. దాని జవాబు ఊహించి ముందే రికార్డు చేసి పెట్టుకోవడం కుదరదు.

మరి గొంతును గుర్తుపట్టే ఏర్పాటు? వాయిస్ ప్రొఫైల్ అని ఉంటుంది. కొన్ని వాక్యాలు చదివిస్తే స్పీకర్ మీ గొంతు పోకడను నేర్చుకుంటుంది. గుర్తుపట్టిన గొంతుకు కోడ్ అడగకుండా వదిలేసేలా కూడా పెట్టుకోవచ్చు. నేను దాన్ని సౌకర్యం కింద లెక్కేస్తాను, రక్షణ కింద కాదు. గొంతు పోలిక ఎప్పుడూ ఇంచుమించు పోలికే. పట్టింపు పెంచితే జలుబు చేసిన రోజు మిమ్మల్నే కాదంటుంది, తగ్గిస్తే మీ చెల్లెలి గొంతును మీదే అనుకుంటుంది. పైగా గొంతు రహస్యం కాదు. పెళ్లి వీడియోలో ఉంటుంది, వాట్సాప్ సందేశంలో ఉంటుంది. కోడ్ పోతే మార్చుకుంటాం, గొంతును మార్చుకోలేం. గూగుల్ కూడా 2020లో గొంతు పోలికతో కొనుగోళ్లు నిర్ధారించే ప్రయోగం మొదలుపెట్టినప్పుడు, దాన్ని యాప్‌లలో చిన్న కొనుగోళ్లకూ హోటల్ భోజనం ఆర్డర్లకూ పరిమితం చేసింది. అది వివేకమనే అనుకుంటాను. కాబట్టి ప్రొఫైల్ పెట్టుకోండి, కోడ్ మాత్రం తీసేయకండి.

కోడ్‌కూ ఒక బలహీనత ఉంది. అడిగేది ఎవరో తెలియకపోతే మనమే చెప్పేస్తాం. 2019లో బెర్లిన్‌లోని ఎస్‌ఆర్ ల్యాబ్స్ పరిశోధకులు స్పీకర్‌లో నడిచే చిన్న యాప్‌లు రాసి ఇది నిరూపించారు. అడగగానే యాప్ పనిచేయడం లేదని చెప్పి మౌనంగా ఉండిపోతుంది. కాసేపటికి స్పీకర్ గొంతుతోనే, కొత్త అప్‌డేట్ వచ్చింది, పాస్‌వర్డ్ చెప్పండి అంటుంది. మనిషి అది స్పీకరే అడిగిందనుకుంటాడు. దీనికి మా ఇంట్లో ఒకటే నియమం: మనం చెల్లింపు అడిగి, అది మొత్తం చదివి, ఆ వెంటనే అడిగితేనే కోడ్ చెప్పాలి. వేరే ఏ సందర్భంలో, ఏ కారణం చెప్పి అడిగినా చెప్పకూడదు.

స్పీకర్‌ను ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇందులో భాగమే. 2019లోనే మిచిగన్, టోక్యో పరిశోధకులు కిటికీలోంచి లేజర్ కాంతిని మైకు మీదకు గురిపెట్టి, శబ్దమే లేకుండా ఆదేశాలు పంపవచ్చని చూపించారు. మీ వీధిలో లేజర్ పట్టుకుని ఎవరూ తిరగరు, నిజమే. కానీ తెరిచిన కిటికీ పక్కన పెట్టిన స్పీకర్‌కు కాంతి అక్కరలేదు, బయట నిలబడి కేకేస్తే చాలు. గోడ వైపు, టీవీకి దూరంగా జరపండి. ఊరెళ్లేటప్పుడు పైనున్న మైకు బటన్ నొక్కితే ఎర్ర కాంతి వెలుగుతుంది. అప్పుడు ఎవరు పిలిచినా పలకదు.

వాడకానికి ముందు పరీక్ష

సెట్టింగ్ మార్చాం కదా అని వదిలేయకండి. తీరిగ్గా ఉన్న రోజు చిన్న మొత్తంతో సరిచూడండి. ఫోను రీచార్జి అడిగి, స్పీకర్ మొత్తం చదివాక వద్దనండి. వాలెట్ నిల్వ మారకూడదు. మళ్లీ అడిగి ఈసారి కావాలనే తప్పు కోడ్ చెప్పండి. చెల్లింపు ఆగాలి. మూడోసారి మీకు బదులు ఇంట్లో మరొకరిచేత అడిగించండి. కోడ్ అడగకుండానే ముందుకు వెళితే, గొంతు గుర్తింపుతో కోడ్ వదిలేసే ఎంపిక ఎక్కడో తెరిచి ఉందని అర్థం. చివరిగా సరైన కోడ్‌తో ఒక్క చిన్న రీచార్జి పూర్తి చేసి, సందేశం ఎవరి ఫోనుకు వచ్చిందో చూడండి. రావాల్సిన మనిషికి వస్తేనే పరీక్ష ముగిసినట్టు.

తేడా వచ్చినప్పుడు

ఎక్కువగా ఎదురయ్యేది మోసం కాదు, సగంలో ఆగిన చెల్లింపు. వాలెట్‌లో డబ్బు తగ్గుతుంది, స్పీకర్ మాత్రం చెల్లింపు పూర్తి కాలేదనో, ఇంకా పరిశీలనలో ఉందనో అంటుంది. అప్పుడు మనిషి సహజంగా చేసే పని మళ్లీ అడగడం. చేయకూడనిది సరిగ్గా అదే. కరెంటు సంస్థ లెక్కల్లో జమ కావడానికి కొంత సమయం పట్టవచ్చు, ఈలోగా బిల్లు తెప్పిస్తే పాత బాకీయే కనిపించి, రెండోసారి కట్టేస్తారు. ఫోనులో యాప్ తెరిచి, ఆ చెల్లింపు ఏ స్థితిలో ఉందో, లావాదేవీ సంఖ్య వచ్చిందో చూడండి. అది విఫలమైందని తేలేదాకా లేదా డబ్బు వెనక్కి వచ్చేదాకా ఆగండి. గడువు తేదీకి ముందు రోజు రాత్రి కాకుండా నాలుగైదు రోజుల ముందే స్పీకర్‌కు చెబితే ఈ నిరీక్షణ గుండె దడ కాకుండా ఉంటుంది.

మీరు చేయని చెల్లింపు కనిపిస్తే ముందు మైకు ఆపేయండి. తర్వాత అలెక్సా యాప్‌లో వాయిస్ హిస్టరీ తెరవండి. స్పీకర్ ఏ సమయంలో ఏమి విన్నదో అక్కడ ఉంటుంది, వినవచ్చు కూడా. సగం గొడవలు అక్కడే తేలిపోతాయి, ఎందుకంటే గొంతు మనవడిది అయి ఉంటుంది. కాకపోతే వాలెట్ సంస్థకు వెంటనే ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. మోసమని అనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోను చేయండి. వాలెట్ల మీద రిజర్వు బ్యాంకు 2019లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పు, సంస్థ తప్పు రెండూ లేకుండా బయటివారి వల్ల జరిగితే, సందేశం అందిన మూడు రోజుల్లో చెబితే మీ మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే ఆ లావాదేవీ మొత్తం లేదా ₹10,000, వీటిలో ఏది తక్కువైతే అంత మీరు భరించాలి. కోడ్‌ను మీరే బయటపెట్టి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీదే. మనవడు వినేలా కోడ్ చెప్పడం ఏ లెక్కలోకి వస్తుందన్న వాదన నేనైతే గెలుస్తానని అనుకోను.

ఇక పాత స్పీకర్‌ను ఎవరికైనా ఇచ్చేటప్పుడు చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. వైరు పీకేసినంత మాత్రాన దానికీ మీ ఖాతాకూ ఉన్న ముడి తెగదు. కొత్త ఇంట్లో దాన్ని మళ్లీ అమర్చకుండా, ఎలాగో ఇంటర్నెట్ దొరికితే, అది ఇంకా మీ జేబుకే కబుర్లు మోస్తుంది. అలెక్సా యాప్‌లో ఆ స్పీకర్ పేరు మీద నొక్కి, సెట్టింగ్స్‌లో Deregister అన్నది ఎంచుకుని, ఆ జాబితాలోంచి దాని పేరు పోయిందని చూసుకున్నాకే అట్టపెట్టెలో పెట్టి ఇవ్వండి.